24 కంప్యూటర్లు, బయటికి ఒకే దారి

“కంప్యూటర్లు ఇరవై నాలుగు. స్విచ్‌కు పోర్టులు ఇరవై నాలుగు. లెక్క సరిపోయింది కదండీ?” అని ప్రిన్సిపల్ మేడమ్ అడిగారు. ఆవిడ చేతిలో ఊళ్లో కరెంటు పనులు చేసే అతను రాసిచ్చిన కొటేషన్ ఉంది. అందులో నాలుగే పంక్తులు. కేబుల్ రెండు పెట్టెలు రూ. 8,000, స్విచ్ ఒకటి రూ. 4,000, కేసింగ్, కనెక్టర్లు కలిపి రూ. 5,000, కూలి రూ. 10,000. మొత్తం రూ. 27,000.

మా మండల కేంద్రంలోని బడి అది. పాత విద్యార్థులు కలిసి 24 కంప్యూటర్లు కొనిపెట్టారు. బల్లలు వచ్చాయి, కుర్చీలు వచ్చాయి. ఈ యంత్రాలన్నిటినీ కలిపే తీగల సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. ఆఫీసులకూ కాలేజీలకూ నెట్‌వర్క్ వేయించే పనిలో నాకు చాలా ఏళ్ల అనుభవం ఉంది. అందుకని మేడమ్ నన్ను పిలిపించి, ఆ కాగితం చూపించి, “ఇది చాలా, ఇంకేమైనా కావాలా? కమిటీ ముందు పెట్టాలి, నాకు అర్థమయ్యేలా రాసివ్వండి” అన్నారు. అప్పుడు నేను రాసిచ్చిన ప్రతిపాదనే ఈ వ్యాసానికి ఆధారం. ఏ బడి ల్యాబ్‌కైనా లెక్క ఇంచుమించు ఇలాగే నడుస్తుంది.

ముందు ఆవిడ ప్రశ్నకే వస్తాను. స్విచ్ అంటే వరసగా పోర్టులున్న ఒక పెట్టె. ఒక్కో పోర్టుకు ఒక్కో కంప్యూటర్ తీగ వస్తుంది. ఏ యంత్రం ఏ పోర్టులో ఉందో స్విచ్ గుర్తు పెట్టుకుని, ఒకరి డేటాను సరిగ్గా రెండోవారికే అందిస్తుంది. అయితే ల్యాబ్‌లో ఉండేవి పిల్లల కంప్యూటర్లు మాత్రమే కావు. టీచర్ కంప్యూటర్ ఒకటి, ప్రింటర్ ఒకటి ఉంటాయి. అక్కడికే 26 అయ్యాయి. ఇక ఇంటర్నెట్ వచ్చేది ఆఫీసు గదిలోని రౌటర్‌కు. అక్కడి నుంచి ల్యాబ్‌కు ఒక తీగ రావాలి, దానికీ ఒక పోర్టు కావాలి. ఆ తీగనే అప్‌లింక్ అంటారు. మొత్తం 27. ఇరవై నాలుగు పోర్టుల స్విచ్ తెచ్చి బిగించాక చివర్లో మూడు తీగలు చేతిలో మిగులుతాయి. అప్పుడు బజారుకు పరిగెత్తి ఒక ఎనిమిది పోర్టుల చిన్న పెట్టె తెచ్చి, బల్ల కింద పడేసి దానికి తగిలిస్తారు. చాలా ల్యాబుల్లో కనిపించే బల్లకింది పెట్టెలు ఇలా పుట్టినవే. ఆ పెట్టెను పిల్లల కాళ్లు తంతాయి, దాని చిన్న అడాప్టర్ వదులవుతుంది, ఓ మూలన నాలుగు కంప్యూటర్లు ఆగిపోతాయి, కారణం ఎవరికీ దొరకదు.

అందుకని నేను 24 పోర్టులది ఒకటి, 16 పోర్టులది ఒకటి, రెండు స్విచ్‌లు రాశాను. రెండూ గోడమీద తాళం వేసే ఒకే రాక్‌లో ఉంటాయి. మొత్తం 40 పోర్టులు. రెంటినీ కలిపే తీగకు అటొకటి, ఇటొకటి పోతాయి, అప్‌లింక్‌కు ఒకటి పోతుంది, మిగిలేవి 37. వాడుకునేవి 26. పదకొండు ఖాళీగా ఉంటాయి. రేపు ప్రొజెక్టర్ వచ్చినా, కెమెరా వచ్చినా మళ్లీ నన్ను పిలవక్కర్లేదు. పెద్ద స్విచ్ ఎప్పుడైనా పాడైతే అప్‌లింక్‌ను చిన్నదానికి మార్చి పదిహేను కంప్యూటర్లతో ఆ వారం పాఠం నడిపించుకోవచ్చు.

“ఇన్ని తీగలెందుకు, వైఫై పెడితే పోలా?” అని కూడా ఆవిడ అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. వైఫైలో గదిలోని యంత్రాలన్నీ ఒకే గాలిని పంచుకుంటాయి. ఒకటి మాట్లాడుతుంటే మిగతావి ఆగాలి. టీచర్ “అందరూ ఈ లింకు తెరవండి” అనగానే 24 మందీ ఒకేసారి తెరుస్తారు. ఇంట్లో వాడే రౌటర్ సరిగ్గా అక్కడే తడబడుతుంది. పైగా ఈ డెస్క్‌టాప్‌లకు వైఫై లేదు, ఒక్కోదానికి ఆరు వందలు పెట్టి అడాప్టర్ కొనాలి. కదలని యంత్రాలకు తీగే మేలు.

ఇక తీగల కొలత. గది 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. పొడుగు గోడల వెంట తొమ్మిదేసి, వెనక గోడ వెంట ఆరు కంప్యూటర్లు. ముందు గోడకు బోర్డు, దాని పక్కన టీచర్ బల్ల. రాక్ ఎక్కడ పెట్టాలని అడిగితే అందరూ టీచర్ బల్ల పక్కనే చూపిస్తారు. కళ్లముందు ఉంటుందని వాళ్ల ఉద్దేశం. నేను టేపు పట్టుకుని రెండు చోట్ల నుంచీ కొలిచాను.

టీచర్ బల్ల దగ్గర, అంటే ముందు ఎడమ మూలన రాక్ పెడితే ఎడమ గోడ కంప్యూటర్లకు సగటున 15 అడుగుల దూరం. వెనక గోడవాటికి 40 అడుగులు. కుడి గోడవాటికి బోర్డు మీదుగా వెళ్లాలి కాబట్టి 35 అడుగులు, దానికి తోడు బోర్డు పైకెక్కి దిగడానికి ఇంకో 10. రాక్ నుంచి దిగడానికి, రెండు చివర్లా వదులుకు ప్రతి తీగకూ 8 అడుగులు కలపాలి. టీచర్‌కు, ప్రింటర్‌కు చెరో 15 చాలు. అన్నీ గుణించి కూడితే 1,002 అడుగులు వచ్చింది. కేబుల్ పెట్టెలో ఉండేది 305 మీటర్లు, అంటే 1,000 అడుగులు. తరుగు కలిపితే రెండో పెట్టె విప్పక తప్పదు.

అదే రాక్‌ను వెనక గోడ మధ్యన, ఏడడుగుల ఎత్తున పెడితే? వెనక వరసకు సగటున 5 అడుగులు, పొడుగు గోడలు రెంటికీ 25 అడుగులు, వదులు మామూలే. టీచర్ బల్లకు, ప్రింటర్‌కు మాత్రం చెరో 53 అడుగులు పడుతుంది. మొత్తం 778. తరుగు పది శాతం వేసుకున్నా ఒక్క పెట్టెలో అయిపోతుంది. రాక్ చోటు మార్చినందుకే ఒక పెట్టె ఖర్చు మిగిలింది. ఆఫీసు బ్లాకు కూడా ఆ వెనక గోడ వైపే ఉండడంతో అప్‌లింక్ సరాసరి రాక్‌లోకి వస్తుంది. కేబుల్ ఎన్ని పెట్టెలు అని అడిగేముందు రాక్ ఎక్కడ అని అడగడం మంచిది.

కేబుల్ రకం దగ్గర మాత్రం నేను ఏమాత్రం తగ్గను. పెట్టె నాలుగు వేలు అన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఆ ధరకు దొరికేది అల్యూమినియం తీగకు పైన రాగి పూత పూసింది. పైకి ఎర్రగా, అచ్చం రాగిలాగే కనిపిస్తుంది. బ్లేడుతో తీగను గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది. నాలుగుసార్లు అటూ ఇటూ వంచితే పుటుక్కున తెగుతుంది. అసలు రాగి వంగుతుంది కానీ అంత తొందరగా విరగదు. పెట్టెను చేత్తో లేపి చూసినా బరువులో తేడా తెలుస్తుంది. పూత తీగ మొదటి ఏడాది పనిచేస్తుంది. కనెక్టర్ దగ్గర, సాకెట్ దగ్గర వంగి వంగి ఒక్కో తీగ లోపల తెగడం తర్వాత మొదలవుతుంది. క్యాట్-6 రకం, పూర్తి రాగి, పేరున్న కంపెనీది పెట్టె రూ. 8,500 దాకా ఉంది. ఒక పెట్టే సరిపోతుంది కాబట్టి, రెండు పూత పెట్టెలకు ఆ కొటేషన్‌లో రాసిన ఎనిమిది వేలకు ఇది అయిదు వందలే ఎక్కువ.

స్విచ్ వేగం గురించి కూడా చెప్పాలి. కొటేషన్‌లోని నాలుగు వేల స్విచ్ 100 ఎంబీపీఎస్‌ది. నేను రాసినవి గిగాబిట్ స్విచ్‌లు, పదింతల వేగం. ఆఫీసుకు వచ్చే ఇంటర్నెట్టే 100 ఎంబీపీఎస్ కదా, లోపల అంత వేగం దేనికి అని కమిటీలో తప్పకుండా అడుగుతారు. ఇంటర్నెట్ వరకే అయితే వాళ్ల మాట నిజమే. 24 మంది ఒకేసారి వాడినా తలా 4 ఎంబీపీఎస్ వస్తుంది, పాఠం వీడియోకు అది చాలు. తేడా తెలిసేది ల్యాబ్ లోపలి పనిలో. టీచర్ తన యంత్రంలోని 700 ఎంబీల ఫైలు ఒకటి 24 కంప్యూటర్లకూ ఇవ్వాలనుకోండి. మొత్తం 16,800 ఎంబీలు టీచర్ యంత్రం నుంచి బయల్దేరే ఒక్క తీగలోంచే వెళ్లాలి. 100 ఎంబీపీఎస్ తీగలో సెకనుకు సుమారు 11 ఎంబీలు కదులుతాయి, కాబట్టి పాతిక నిమిషాలు పడుతుంది. సగం పీరియడ్ దానికే పోతుంది. గిగాబిట్‌లో అదే పని మూడు నిమిషాల లోపు. ఇంటర్నెట్ తక్కువగా వచ్చే ఊళ్లో పాఠాలు ముందే దించుకుని ఇలా పంచుకోవడమే ఎక్కువ కాబట్టి ఈ ఖర్చు నాకు న్యాయంగా తోచింది.

ఇప్పుడు అప్‌లింక్ దగ్గరికి వద్దాం. ప్రతిపాదనలో నేను ఎక్కువ చోటిచ్చింది దీనికే.

ఆఫీసు గది ఉన్నది వేరే బ్లాకులో, ల్యాబ్‌కు 60 మీటర్ల దూరంలో. ఇలాంటి కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది కాబట్టి దూరం అడ్డు కాదు. కరెంటు అతను కూడా ఆ లెక్కతోనే కేబుల్‌ను చెట్టుకు కట్టి అటు నుంచి ఇటు లాగేస్తానన్నాడు. అక్కడ నేను వద్దన్నాను. ఒక కాలేజీలో సరిగ్గా ఇలాగే వేపచెట్టు మీదుగా రాగి కేబుల్ లాగారు. మే నెలలో ఓ సాయంత్రం గాలివాన వచ్చింది. పిడుగు చెట్టు మీద కూడా పడలేదు, ఎక్కడో పొలంలో పడింది. ఆ కేబుల్‌కు రెండు చివర్లా ఉన్న పోర్టులు మాడిపోయాయి, ల్యాబ్ స్విచ్ పోయింది, దాంతోపాటు నాలుగు కంప్యూటర్ల నెట్‌వర్క్ పోర్టులు పోయాయి. దగ్గర్లో పిడుగు పడితే బయట వేలాడే పొడుగు రాగి తీగలో ఒక్క క్షణం వోల్టేజీ ఎగదన్నుతుంది. దానికితోడు రెండు భవనాలకూ ఎర్తింగ్ వేరు. పిడుగు పడ్డప్పుడు ఒక భవనం నేలకూ మరో భవనం నేలకూ మధ్య తేడా వస్తుంది. ఆ తేడా ఈ రాగి తీగను దారిగా చేసుకుని మన యంత్రాల్లోంచి పారుతుంది.

గాజు పోగుతో చేసిన ఫైబర్‌కు ఈ బెడద లేదు. అందులో వెళ్లేది వెలుతురు, కరెంటు కాదు. అందుకే భవనం నుంచి భవనానికి ఫైబరే వేయాలని రాశాను. లోపల ఇనుప తీగ లేని రకం తీసుకోవాలి. ఇళ్లకు స్తంభాల మీదుగా లాగే ఫైబర్‌లో బరువు మోయడానికి ఇనుప తీగ ఉంటుంది, అది మళ్లీ కథ మొదటికి తెస్తుంది. మనది భూమిలో పీవీసీ గొట్టంలో పోతుంది కాబట్టి ఆ ఇనుము అవసరం లేదు. గొట్టం రెండు మూతులూ మూసేయాలి, లేకపోతే ఎలుకలు దూరతాయి. ఫైబర్ రెండు చివర్లా మీడియా కన్వర్టర్ అనే చిన్న పెట్టెలు వస్తాయి. ఒకటి ఆఫీసులో రౌటర్ పక్కన, ఒకటి ల్యాబ్ రాక్‌లో. వెలుతురును మళ్లీ మామూలు నెట్‌వర్క్ తీగలోకి మార్చడం వాటి పని. ఒకే పోగు మీద నడిచే రకమైతే అవి జతగా వస్తాయి, ఒకటి ‘ఎ’, రెండోది ‘బి’. రెండూ ‘ఎ’ తెచ్చి పెట్టి రోజంతా తల పట్టుకున్నవాళ్లను చూశాను. కొనేటప్పుడే జత సరిచూసుకోవాలి. కన్వర్టర్లు కూడా గిగాబిట్‌వే అయి ఉండాలి.

ఇంత చెప్పాక మేడమ్, “ఒకటి పాడైతే ఇబ్బంది కదా, ఎలాగూ తవ్వుతున్నాం, రెండు అప్‌లింక్‌లు వేద్దామా? వేగం కూడా రెట్టింపు అవుతుందేమో” అన్నారు. గొట్టంలో రెండు మూడు పోగులున్న కేబుల్ వేయడం మంచిదే, మిగిలినవి అక్కరకొస్తాయి. స్విచ్‌కు తగిలించేది మాత్రం ఒక్కటే కావాలి. ఎందుకో చెప్పాలంటే ఇంకో బడిలో జరిగింది చెప్పాలి.

అక్కడ ఒక సోమవారం పొద్దున ల్యాబ్ మొత్తం ఆగిపోయింది. ఆఫీసులో కూడా ఇంటర్నెట్ లేదు. రౌటర్ మార్చారు, ఇంటర్నెట్ కంపెనీ వాళ్లను పిలిచారు, మూడు రోజులు గడిచాయి. నేను వెళ్లి చూసేసరికి స్విచ్ మీద లైట్లన్నీ ఒకే లయలో, మిణుకు మిణుకుమనకుండా పిచ్చిపట్టినట్టు కొట్టుకుంటున్నాయి. మామూలుగా ఒక్కో లైటు దాని దారిన అది వెలిగి ఆరుతూ ఉంటుంది. అన్నీ కలిసి ఒకేలా కొట్టుకుంటే దాదాపుగా ఒకటే అర్థం, ఎక్కడో చుట్టు పడింది. వెతికితే, గది ఊడ్చేటప్పుడు ఎవరో కింద వేలాడుతున్న తీగ కొసను చూసి, ఊడిపోయిందేమో పాపమని ఖాళీ పోర్టులో పెట్టారు. ఆ తీగ రెండో కొస కూడా అదే స్విచ్‌లో ఉంది.

దాంతో ఏమైందంటే, కంప్యూటర్లు అప్పుడప్పుడూ అందరికీ వినపడేలా ఒక కేక వేస్తాయి. ‘ప్రింటర్ ఎక్కడ? రౌటర్ ఎవరు?’ అన్నట్టు. స్విచ్ ఆ కేకను వచ్చిన పోర్టు తప్ప మిగతా అన్ని పోర్టులకూ పంపాలి. తీగ రెండు కొసలూ దాంట్లోనే ఉంటే, ఒక కొసలోంచి పంపిన కేక రెండో కొసలోంచి తిరిగొస్తుంది. స్విచ్ దాన్ని కొత్త కేక అనుకుని మళ్లీ అందరికీ పంపుతుంది. ఇన్నిసార్లు తిరిగాక ఆగిపో అని ఆ కేకలో ఎక్కడా రాసి ఉండదు. క్షణాల్లో తీగలన్నీ ఆ ఒక్క కేక ప్రతిధ్వనులతోనే నిండిపోతాయి, అసలు పనికి చోటుండదు. రెండు స్విచ్‌ల మధ్య రెండు తీగలు వేసినా, ఆఫీసు నుంచి రెండు అప్‌లింక్‌లు తగిలించినా జరిగేది ఇదే. వేగం రెట్టింపు కాదు సరికదా, ల్యాబ్ నిలిచిపోతుంది.

దీనికి మందు లేకపోలేదు. 1985లో రేడియా పెర్ల్‌మన్ అనే ఇంజినీరు, స్విచ్‌లు తమలో తాము మాట్లాడుకుని చుట్టును పసిగట్టి, అదనపు దారిని తామే మూసేసే పద్ధతి కనిపెట్టారు. స్పానింగ్ ట్రీ అంటారు. మేనేజ్డ్ స్విచ్‌లలో అది ఉంటుంది, కానీ వాటి ధర ఎక్కువ, అమర్చడానికి తెలిసిన మనిషి కావాలి. బడి ల్యాబ్‌కు కొనే సాదా స్విచ్‌లలో సాధారణంగా ఉండదు. కాబట్టి మనకు ఉన్న రక్షణ క్రమశిక్షణే. రాక్‌కు తాళం. ల్యాబ్‌లో ఎక్కడా వదులు తీగలు ఉండకూడదు. అప్‌లింక్ తీగ, రెండు స్విచ్‌లను కలిపే తీగ ఎర్రవి, మిగతావన్నీ నీలం. ఎర్ర తీగలు రాక్‌లో రెండే ఉండాలి, మూడోది కనిపిస్తే పీకేయాలి. ఎప్పుడైనా లైట్లన్నీ ఒక్కటిగా కొట్టుకుంటే తీగలు ఒక్కొక్కటే తీస్తూ పోవాలి. ఏది తీయగానే లైట్లు నెమ్మదిస్తాయో అదే చుట్టు. ఈ నాలుగు మాటలూ కాగితం మీద రాసి రాక్ తలుపు లోపల అంటించమన్నాను.

ఖర్చుల్లో ఎక్కడ తగ్గించానో కూడా చెప్పాలి. పెద్ద ఆఫీసుల్లో గోడ నుంచి వచ్చే తీగలన్నీ ముందు ప్యాచ్ ప్యానెల్ అనే పలకలో ముగుస్తాయి, అక్కడి నుంచి చిన్న తీగలతో స్విచ్‌కు వెళ్తాయి. అది తీసేశాను. తాళం వేసిన రాక్‌లో రోజూ తీగలు మార్చేవాళ్లు ఉండరు కాబట్టి నేరుగా స్విచ్‌లోకే పెట్టవచ్చు. కంప్యూటర్ వైపు గోడ సాకెట్లు మాత్రం ఉంచాను. గోడలో పోయే కేబుల్ లోపలిది గట్టి ఒంటి తీగ. దాన్నే కంప్యూటర్ దాకా లాగితే, పిల్లలు సీపీయూ జరిపిన ప్రతిసారీ వంగి ఏదో రోజు తెగుతుంది, అప్పుడు రాక్ దాకా మొత్తం మార్చాలి. సాకెట్ ఉంటే తెగేది నూట ఇరవై రూపాయల మెత్తటి తీగ మాత్రమే.

ఈ ధరలు మా జిల్లా కేంద్రంలో రెండు మూడు దుకాణాల్లో అడిగి, పన్నుతో కలిపి రాసినవి. ఊరిని బట్టి పది పదిహేను శాతం అటూ ఇటూ ఉంటాయి. స్విచ్‌లు రూ. 7,000, రూ. 4,800. కేబుల్ పెట్టె రూ. 8,500. గోడ సాకెట్లు 26, ఒక్కోటి రూ. 250 చొప్పున రూ. 6,500. వాటి నుంచి కంప్యూటర్లకు మెత్తటి తీగలు రూ. 3,120. కనెక్టర్లు రూ. 700. రాక్ రూ. 3,500. కేసింగ్, మేకులు, రాల్‌ప్లగ్గులు రూ. 3,000. కరెంటు పోయినప్పుడు స్విచ్‌లు నిలబడేందుకు చిన్న యూపీఎస్ రూ. 3,000. కూలి పాయింటుకు రూ. 300 చొప్పున రూ. 7,800. అప్‌లింక్‌కు విడిగా, కన్వర్టర్ల జత రూ. 3,400, ఫైబర్ రూ. 1,200, గొట్టం, తవ్వకం రూ. 4,000, ఫైబర్ కొసలు అతికించడానికి రూ. 1,500, వెరసి రూ. 10,100. అన్నీ కలిపి రూ. 58,020. అనుకోని వాటికి పది శాతం చేర్చి కమిటీని రూ. 64,000 అడగమన్నాను. మొదటి కొటేషన్‌కు ఇది రెట్టింపు పైమాటే. ఆ 27 వేలలో సాకెట్లు, రాక్, యూపీఎస్, ఫైబర్ లేవు. తక్కువైన పోర్టులు కూడా లేవు.

ఇందులో కరెంటు వైరింగ్ కలవలేదని ప్రతిపాదనలో గీత గీసి రాశాను. 24 డెస్క్‌టాప్‌లు ఒక్కోటి 150 వాట్లు వాడినా మూడున్నర కిలోవాట్లు దాటుతుంది. దానికి వేరే లైన్లు, మంచి ఎర్తింగ్ ఉండాలి. ఆ పని కరెంటు అతనికే ఇవ్వమన్నాను, అందులో అతను నిపుణుడు. నెట్‌వర్క్ తీగల కేసింగ్ కరెంటు తీగలకు కనీసం అడుగు ఎడంగా ఉండాలి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటాలి తప్ప పక్కపక్కన పోకూడదు. ఈ ఒక్క షరతు పెట్టాను.

చివరిది, బిల్లు ఎప్పుడు చెల్లించాలన్నది. “ఇంటర్నెట్ వస్తోంది కదా, డబ్బులివ్వండి” అంటే ఇవ్వకూడదు. కేబుల్‌లో ఎనిమిది తీగలు, నాలుగు జతలు. 100 ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు, గిగాబిట్‌కు నాలుగూ కావాలి. మిగతా రెండు జతల్లో ఒక్క తీగ సరిగ్గా కూర్చోకపోయినా ఇంటర్నెట్ వస్తుంది, వేగం మాత్రం పదో వంతుకు పడిపోతుంది, ఎవరికీ తెలియదు. ఎనిమిది లైట్ల చిన్న టెస్టర్‌తో చూస్తే తెగిన తీగ తెలుస్తుంది. జతలు తారుమారైతే అది కూడా పట్టుకోలేదు. కనెక్టర్‌లో వరస తెల్ల-నారింజ, నారింజ, తెల్ల-ఆకుపచ్చ, నీలం, తెల్ల-నీలం, ఆకుపచ్చ, తెల్ల-గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జత మధ్యలో నీలం జత దూరడం చూసి, ఇదేదో తప్పనుకుని కొత్తవాళ్లు ఆకుపచ్చలు రెండూ పక్కపక్కన పెట్టేస్తారు. రెండు చివర్లా అలాగే పెడితే టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరసగా వెలుగుతాయి. మెలితిప్పిన జతలు చెదిరిపోయాయి కాబట్టి అసలు పనిలో మాత్రం తీగ తడబడుతుంది.

అందుకని ప్రతి కంప్యూటర్‌లోనూ పవర్‌షెల్ తెరిచి ఈ రెండు ఆదేశాలు ఇచ్చి చూడాలని రాశాను. రెండో దాంట్లో ఉండాల్సింది ఆఫీసు రౌటర్ చిరునామా, అది బడిని బట్టి మారుతుంది.

```
Get-NetAdapter | Select Name, LinkSpeed
ping -n 50 192.168.1.1
```

మొదటిదానికి తీగ పోర్టు ఎదురుగా `1 Gbps` అని రావాలి. `100 Mbps` అని వస్తే ఆ తీగ కొసలు మళ్లీ కొట్టాలి. రెండోది రౌటర్‌ను యాభైసార్లు పలకరిస్తుంది. చివర్లో `Lost = 0` అని ఉండాలి. 24 యంత్రాల్లోనూ, టీచర్ దాంట్లోనూ ఈ రెండూ సరిగ్గా వచ్చేదాకా కూలిలో సగం ఆపమన్నాను. ప్రతి సాకెట్‌కు 1 నుంచి 26 దాకా నంబరు, అదే నంబరు రాక్‌లోని తీగ కొసకు కూడా ఉండాలి.

కమిటీ ఒప్పుకుంది. వేసవి సెలవుల్లో నాలుగు రోజుల్లో పని పూర్తయింది. ఐదో రోజు మేడమ్ తానే కాగితం, పెన్ను పట్టుకుని ఒకటో నంబరు దగ్గర కూర్చున్నారు. పక్కన కూలి మేస్త్రీ నిలబడ్డాడు. పదిహేడో నంబరు దగ్గర, ఇరవై రెండో నంబరు దగ్గర `100 Mbps` వచ్చింది. మేస్త్రీ ఏమీ అనలేదు. రాక్ తాళం తీసి, ఆ రెండు తీగల కొసలు కత్తిరించి కొత్త కనెక్టర్లు కొట్టాడు. ఇరవై రెండు సరయింది. పదిహేడు కాలేదు. గోడ దగ్గర సాకెట్ విప్పి చూస్తే లోపల గోధుమ తీగ ఒకటి బిగించకుండానే వదిలేసి ఉంది. దాన్ని నొక్కి మళ్లీ చూశాక, మేడమ్ కాగితం మీద పదిహేడుకు టిక్ పెట్టి, చెక్కు మీద సంతకం చేశారు.